తెల్లపళ్ళెం కనుమరుగయ్యే చోటు

సభకు నమస్కారం. వందన సమర్పణ వగైరాలు అధ్యక్షులవారే సవివరంగా నెరవేర్చారు గనుక నేరుగా విషయానికి వస్తాను. సముద్రపు నీలానికి ఆకాశపు ప్రతిబింబం ఒక్కటే కారణం కాదని రాసినందుకు మా మనుమరాలి జవాబును వాళ్ళ బడిలో ఎర్రసిరాతో కొట్టివేశారు. ఆ ఎర్రగీతే నన్ను ఈ వేదిక ఎక్కించింది.

1921లో ఓడలో మధ్యధరా సముద్రం దాటుతూ సి.వి. రామన్ గారు నీటిమీద మెరిసే ఆకాశపు వెలుగును నికోల్ పట్టకంతో అడ్డుకుని చూశారు. నీలం పోలేదు సరికదా, మరింత చిక్కబడింది. అంటే ఆ రంగు నీటి లోపలినుంచే వస్తోందన్నమాట.

ఈ సంగతి నేను ఒక తెల్లపళ్ళెంతో చూశాను. ముప్ఫై సెంటీమీటర్ల రేకుకు తెల్లరంగు వేసి, కింద బరువు కట్టి, మీటరుకొక ముడి వేసిన తాడుతో దించాను. ఫిబ్రవరిలో ఒకనాడు తీరానికి చాలా దూరాన, డాల్ఫిన్స్ నోస్ కొండ సన్నని గీతలా కనిపించే చోట, పళ్ళెం మూడో ముడి దగ్గర లేతాకుపచ్చగా, ఆపైన నీలంగా మారుతూ పద్దెనిమిదో ముడి దగ్గర కనుమరుగైంది. నీరు ఎరుపును మింగేస్తుంది. ముదురు ఎరుపు వెలుగులో ఐదు మీటర్ల నీరు దాటేసరికి సుమారు ఇరవయ్యో వంతే మిగులుతుంది, పైగా పళ్ళెం నుంచి మన కంటికి చేరడానికి అది అంత దూరమూ తిరిగి రావాలి. మిగిలిన నీలాన్ని నీటి అణువులు చెదరగొట్టి పైకి పంపుతాయి.

అదే పళ్ళెం వానల తరువాత భీమిలిలో, గోస్తని సముద్రంలో కలిసే చోట, మొదటి ముడికి ముందే మాయమైంది. ఒండ్రు రేణువులు వెలుగును లోతుకు పోనీయక పైపైనే వెనక్కి విసురుతాయి. వాటిలోని ఇనుపతుప్పు నీలాన్ని మింగేస్తుంది, అందుకే గోధుమరంగు. ఆ నీటిని బకెట్టులో రాత్రంతా కదపకుండా ఉంచితే తెల్లారేసరికి అడుగున మట్టి పేరుకుంది, పైన తేటలో లేత పసుపు మాత్రం మిగిలింది. అది కుళ్ళిన ఆకుల నుంచి కరిగిన రంగు గనుక అడుగుకు దిగదు.

వెనక వరుసలోని పిల్లలూ, చిక్కంతా ఆకుపచ్చతోనే, కాస్త వినండి. రుషికొండ దగ్గర అల నెమ్మదించిన రోజున లోతు తక్కువ గనుక, నీరు ఎరుపును కొంత మాత్రమే తీసేసేసరికే అడుగు ఇసుక వెలుగును తిప్పి పంపుతుంది. అది పాలిపోయిన ఆకుపచ్చ. మార్చి, ఏప్రిల్ నెలల్లో నైరుతి గాలి తీరపు పైనీటిని సముద్రంలోకి నెడితే అడుగు నుంచి చల్లని, పోషకాలున్న నీరు పైకి వచ్చి సూక్ష్మమైన వృక్షప్లవకాలు పెరుగుతాయి. వాటి పత్రహరితం నీలాన్నీ ఎరుపునూ తినేసి ఆకుపచ్చను వదిలేస్తుంది. కంటికి రెండూ ఒకలాగే కనిపించవచ్చు. పళ్ళెం అడుగును తాకేదాకా కనిపిస్తూనే ఉంటే ఇసుకను అనుమానించండి. మధ్యలోనే మాయమైతే అడుగుకు ఆ రంగుతో పెద్దగా సంబంధం లేనట్టే. అప్పుడు ఒక సీసా నీటిని తెల్లని వడపోత కాగితంలో వడకట్టండి: ఆకుపచ్చని మరక పడితే ప్లవకాలు, మట్టిరంగు పడితే ఒండ్రు.

ఆ పళ్ళేన్నీ, తాడునూ ఈవేళ వెంట తెచ్చాను. సభ అయ్యాక బల్లమీద ఉంటాయి. మా మనుమరాలే ముడులు లెక్కపెట్టి చూపిస్తుంది.