పాస్‌వర్డ్ కరెక్టే, అయినా పీడీఎఫ్ ఓపెన్ అవ్వట్లేదా? ఫోన్‌లో ఇలా చూడండి

హాయ్ అండీ అందరికీ నమస్కారం, ఈ వీడియోలో ఒకే ఒక్క విషయం. ఫోన్‌లో ఆధార్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేశారు, పాస్‌వర్డ్ అడిగింది, కరెక్ట్‌గానే కొట్టారు, అయినా ఇదిగో ఇలా ఎర్రగా తప్పు పాస్‌వర్డ్ అని వస్తోంది. మళ్ళీ కొట్టారు, మళ్ళీ అదే. కామెంట్స్‌లో చాలామంది అడుగుతున్నారు, అన్నా ఎన్నిసార్లు కొట్టినా రావట్లేదు, ఫైల్ లాక్ అయిపోతుందా అని.

ముందు ఆ భయం తీసేద్దాం. లాక్ అవ్వదండీ. ఇది బ్యాంక్ యాప్ లాగా మూడుసార్లు తప్పు కొడితే బ్లాక్ అయ్యేది కాదు. పాస్‌వర్డ్ కరెక్టా కాదా అని చూసేది మీ ఫోన్‌లో ఉన్న యాపే, నెట్‌లో ఎక్కడికీ పోయి అడగదు. కావాలంటే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి చూడండి, అప్పుడు కూడా అడుగుతుంది, కరెక్ట్ కొడితే ఓపెన్ అవుతుంది. అందుకని ఎన్నిసార్లైనా ట్రై చెయ్యొచ్చు, కంగారు లేదు. ఇంకోటి, ఈ పాస్‌వర్డ్‌కి ఓటీపీకి సంబంధం లేదు, డౌన్‌లోడ్ చేసేటప్పుడు వచ్చిన ఓటీపీ ఇక్కడ కొడుతున్నారు కొంతమంది, అది కాదు.

సరే, ఆధార్‌కి పాస్‌వర్డ్ ఏంటి, చాలామందికి తెలుసు, పేరులో మొదటి నాలుగు అక్షరాలు పెద్ద అక్షరాల్లో, తర్వాత పుట్టిన సంవత్సరం, అంతే. SURESH KUMAR, 1990 అనుకోండి, ఇదిగో స్క్రీన్ మీద:

```
SURE1990
```

మొత్తం ఎనిమిది. ఈ ఎనిమిది అనే నంబర్ గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. సంవత్సరం ఒక్కటే, తేదీ నెల వద్దు.

ఇప్పుడు మన తెలుగోళ్ళకి ఇక్కడే తిరకాసు. ఇంటిపేరు. మనవాళ్ళ ఆధార్‌లో పేరు ఎలా ఉంటుందో తెలుసు కదా, ఒకరికి ఇంటిపేరు మొత్తం ముందు ఉంటుంది, ఒకరికి ఒక్క అక్షరం ఉండి చుక్క ఉంటుంది, ఒకరికి చుక్క ఉండదు, ఇంకొకరికి ఇంటిపేరు వెనకాల ఉంటుంది. మనం మాత్రం మనల్ని పిలిచే పేరు కొట్టేస్తాం. అది పని చెయ్యదు. ఆధార్‌లో ఇంగ్లీష్‌లో ఎలా ప్రింట్ అయ్యిందో అలాగే, ఎడమ నుంచి మొదలుపెట్టి నాలుగు. ఉదాహరణకి మా పిన్ని లాంటి వాళ్ళు, పేరు K. LAKSHMI, 1968 అనుకోండి. అందరూ LAKS1968 అని కొడతారు. కాదు. ఇది చూడండి:

```
K.LA1968
```

అవునండీ, చుక్క కూడా ఒక అక్షరమే. K, చుక్క, L, A. నాలుగు అయిపోయాయి. అదే చుక్క లేకుండా K LAKSHMI అని ఉంటే, మధ్యలో ఖాళీని లెక్క పెట్టరు, అప్పుడు KLAK1968. SAI KUMAR అయితే SAIK. పేరే చిన్నది, మొత్తం మూడే అక్షరాలు, RIA అనుకోండి, అప్పుడు RIA1990, ఏడే వస్తాయి, ఎనిమిది చేద్దామని ఏమీ కలపక్కర్లేదు.

పాన్ కార్డులో ఉన్న పేరు, పదో తరగతి మెమోలో ఉన్న పేరు, ఇవేవీ చూడకండి. ఆధార్ కార్డు పక్కన పెట్టుకుని అందులో ఇంగ్లీష్ లైన్ చూసి కొట్టండి. పుట్టిన సంవత్సరం కూడా అంతే, పెద్దవాళ్ళకి అసలు సంవత్సరం ఒకటి ఆధార్‌లో ఇంకొకటి ఉంటుంది, అసలుది వద్దు, ఆధార్‌లోదే. ఇంకో సంగతి, ఈమధ్య పేరు మార్పించుకున్నారు, కానీ ఫైల్ పాతది, అప్పుడు పాత పేరే పాస్‌వర్డ్. ఫైల్ తయారైన రోజు ఏ పేరు ఉందో దాంతోనే తాళం పడిపోతుంది, తర్వాత మీరు ఏం మార్చినా ఆ ఫైల్‌కి తెలియదు.

సరే ఇంతవరకు బానే ఉంది, ఇవన్నీ కరెక్టే, అయినా రావట్లేదు అంటారా. ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం, దీని కోసమే ఈ వీడియో. కీబోర్డు.

చూడండి, నేను ఇక్కడ S నొక్కాను, పెద్దది వచ్చింది, బాగుంది, ఎందుకంటే కొన్ని యాప్స్‌లో మొదటి అక్షరం కీబోర్డే పెద్దది చేసేస్తుంది. తర్వాత u, r, e, ఇవి చిన్నవి పడిపోయాయి. కానీ మనకి కనిపించేది చుక్కలే కదా, పెద్దదో చిన్నదో ఏం తెలుస్తుంది. అందుకని ముందు ఈ పైకి బాణం గుర్తు ఉంది కదా, షిఫ్ట్, దాన్ని టకటకా రెండుసార్లు నొక్కండి. ఒకసారి నొక్కితే ఒక్క అక్షరానికే, రెండుసార్లు నొక్కితే లాక్ అవుతుంది, బాణం మారుతుంది చూడండి. ఇప్పుడు కొట్టండి, అన్నీ పెద్దవే.

ఇంక రెండోది, ఇది చాలామందికి అస్సలు తట్టదు, కొంచెం నిదానంగా చూపిస్తాను. కొన్ని పీడీఎఫ్ యాప్స్‌లో ఈ పాస్‌వర్డ్ బాక్స్‌లో కొట్టేటప్పుడు కూడా కీబోర్డు పైన సజెషన్స్ వస్తాయి. నేను SURE అని కొట్టాను, పైన SURE అని చూపించింది, అలవాటు కొద్దీ దాని మీద నొక్కేశాను. నొక్కగానే అది పదం పెట్టి, వెనకాల ఒక స్పేస్ కూడా పెట్టేస్తుంది. తర్వాత నేను 1990 కొట్టాను. ఇప్పుడు లోపల ఉన్నది SURE స్పేస్ 1990. మనకి కనపడదు, చుక్కలే. మనసులో మాత్రం కరెక్టే కొట్టాం కదా అని ఉంటుంది, నిజంగా కొట్టాం కూడా, కీబోర్డు ఒకటి కలిపింది అంతే.

ఎలా తెలుసుకోవాలి? చుక్కలు లెక్క పెట్టండి. ఇదిగో, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది... తొమ్మిది. దొరికాడు దొంగ! ఎనిమిది ఉండాలి, తొమ్మిది ఉన్నాయి. పక్కన కన్ను గుర్తు ఉంటే అది నొక్కితే ఇంకా సులువు, అక్షరాలు కనిపిస్తాయి, మధ్యలో ఖాళీ కూడా కనిపిస్తుంది. కాకపోతే చివర్లో స్పేస్ ఉంటే కన్ను గుర్తు నొక్కినా కనపడదండీ, అది ఖాళీయే కదా. వాట్సాప్‌లో ఎవరో పంపిన పాస్‌వర్డ్ కాపీ చేసి పేస్ట్ చేసినప్పుడు ఎక్కువగా ఇదే జరుగుతుంది, చివర్లో ఒక స్పేస్ కూడా వచ్చేస్తుంది.

దానికి నేను చేసేది ఏంటంటే, పాస్‌వర్డ్‌ని డైరెక్ట్‌గా ఆ బాక్స్‌లో పెట్టను, ముందు నోట్స్ యాప్‌లో పేస్ట్ చేస్తాను, ఏ నోట్స్ అయినా పర్లేదు నాకు గూగుల్ కీప్ అలవాటు, పేస్ట్ చేసి చివర ఒక X కొడతాను. చూడండి, SURE1990X అని అతుక్కుని వస్తే బాగున్నట్టు, SURE1990 X అని దూరంగా పడితే స్పేస్ ఉన్నట్టు. స్పేస్ తీసేసి, X తీసేసి, అప్పుడు కాపీ. అసలు ఎనిమిది అక్షరాలే కదా, చేత్తో కొట్టేస్తే ఇంకా నయం.

ఇంకా, జీబోర్డ్‌లో తెలుగు పెట్టుకున్నవాళ్ళు, ఇంగ్లీష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చేది ఉంది కదా, అది ఆన్‌లో ఉంటే కొన్ని యాప్స్‌లో SURE కాస్తా తెలుగు అయిపోతుంది. స్పేస్ బార్ పక్కన గ్లోబ్ నొక్కి ఇంగ్లీష్‌కి రండి, అంతే.

కీబోర్డు అయిపోయింది. అయినా రావట్లేదు, చుక్కలు ఎనిమిదే ఉన్నాయి, ఆధార్ చూసే కొట్టారు. అప్పుడు అనుమానం యాప్ మీద. వాట్సాప్‌లో ఫైల్ మీద నొక్కితే ఫోన్‌లో ఏదో ఒక యాప్ తెరుచుకుంటుంది, ఫోన్‌తో పాటు వచ్చిన ఆఫీస్ యాపో, యాడ్స్ వచ్చే రీడరో. పీడీఎఫ్‌లకి తాళం వేసే పద్ధతులు కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. 256 బిట్ ఏఈఎస్ అనే కొత్త పద్ధతి తెలియని పాత యాప్ అయితే, నాకు ఇది రాదు అని చెప్పకుండా పాస్‌వర్డే తప్పు అనేసేవి ఉన్నాయి. బ్యాంక్ స్టేట్‌మెంట్లలో కూడా ఇలా అవ్వొచ్చు.

టెస్ట్ సింపుల్. ఫైల్ మీద నొక్కి పట్టుకుని, షేర్ గానీ ఓపెన్ విత్ గానీ, అడోబ్ యాక్రొబాట్ రీడర్. అదే పాస్‌వర్డ్. ఇక్కడ ఓపెన్ అయితే మీ పాస్‌వర్డ్ ఎప్పుడూ కరెక్టే, పాత యాప్‌దే లోపం. ల్యాప్‌టాప్ ఉంటే ఫైల్‌ని క్రోమ్‌లోకి లాగి పడేయండి, అక్కడ కూడా అడుగుతుంది. రెండు మంచి యాప్స్‌లో కూడా తప్పు అంటే మాత్రం మళ్ళీ పేరు దగ్గరికే వెళ్ళండి, చుక్క దగ్గరికి. అదీ కాకపోతే ఫైల్ మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకోండి, ఒక నిమిషం పని, myaadhaar.uidai.gov.in లో.

గూగుల్‌లో పీడీఎఫ్ అన్‌లాక్ అని కొడితే సైట్లు బోలెడు వస్తాయి, ఆధార్ తీసుకెళ్ళి అక్కడ అప్‌లోడ్ చెయ్యకండి ప్లీజ్. మీ ఫైల్ ఎవడి సర్వర్‌లో పడిందో మీకు తెలియదు.

ఒక్క చిన్న మాట, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళది కూడా అడుగుతున్నారు కాబట్టి. ఏఐఎస్ అని, మన ఏడాది ఆదాయం, లావాదేవీల వివరాలు ఉండే స్టేట్‌మెంట్ ఉంది కదా, ఆ పీడీఎఫ్‌కి దీనికి పూర్తిగా ఉల్టా. అక్కడ పాన్ నంబర్ చిన్న అక్షరాల్లో, తర్వాత పుట్టిన తేదీ మొత్తం, తేదీ నెల సంవత్సరం, మధ్యలో గీతలు లేకుండా. 21 జనవరి 1991 అయితే ఇలా:

```
aaaaa1234a21011991
```

ఇక్కడ ఇందాకటి కీబోర్డే మళ్ళీ దెబ్బ కొడుతుంది, మొదటి అక్షరాన్ని పెద్ద A చేసేయొచ్చు. షిఫ్ట్ ఆన్‌లో ఉంటే ముందు దాన్ని నొక్కి ఆఫ్ చేసి మొదలుపెట్టండి. పాన్‌లో సున్నానా O నా అని డౌట్ వస్తే, మొదటి ఐదూ అక్షరాలు, తర్వాత నాలుగూ అంకెలు, చివరిది అక్షరం, ఉన్న చోటుని బట్టి తెలిసిపోతుంది.

ఓపెన్ అయ్యాక పాస్‌వర్డ్ లేకుండా కాపీ కావాలంటే, ల్యాప్‌టాప్‌లో క్రోమ్‌లో తెరిచి ప్రింట్ కొట్టి సేవ్ యాజ్ పీడీఎఫ్, అయిపోయింది. కానీ అలా చేస్తే అందులో ఉన్న డిజిటల్ సంతకం పోతుంది, అందుకని ఒరిజినల్ డిలీట్ చెయ్యకండి, ఎక్కడైనా ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చెయ్యమంటే ఒరిజినలే ఇవ్వండి. జిరాక్స్ షాపులో ప్రింట్ తీయిస్తుంటే పాస్‌వర్డ్ మీరే కొట్టండి, ప్రింట్ అయ్యాక వాళ్ళ కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోంచి మీ ఎదురుగానే డిలీట్ చేయించండి. మీ పేరు చుక్కలతో ఎలా ఉందో అర్థం కాకపోతే కామెంట్‌లో అడగండి, కానీ అసలు పేరు, సంవత్సరం పెట్టొద్దు, వేరే పేరుతో అదే మోడల్‌లో రాయండి, నేను చెప్తాను. ఉంటానండీ.