ఎనిమిది లైట్లూ వెలిగినా కేబుల్ చెడ్డదే

అందరికీ నమస్కారం. నా చేతిలో ఉన్నది మీ అందరి బ్యాగుల్లో ఉండే నెట్‌వర్క్ కేబుల్ టెస్టరే. బ్యాటరీ ఉన్న పెద్ద ముక్క ఒకటి, బ్యాటరీ లేని చిన్న ముక్క ఒకటి. కేబుల్ చెరో చివర చెరోదానికి గుచ్చి స్విచ్ వేస్తే 1 నుంచి 8 దాకా లైట్లు వరసగా వెలుగుతాయి. చాలామంది పెద్ద ముక్కనే చూస్తారు. అసలు కబురు చిన్న ముక్క దగ్గర ఉంటుంది, కళ్ళు అక్కడ పెట్టండి.

ముందు తేలికైనది. ఇదిగో ఈ కేబుల్. 1, 2, 3 వెలిగాయి, 4 వంతు వచ్చేసరికి రెండు వైపులా చీకటి, మళ్ళీ 5 నుంచి మామూలే. నాలుగో వైరు తెగింది, లేదా పిన్ దాన్ని పట్టుకోలేదు. తెగడం కంటే పట్టుకోకపోవడమే ఎక్కువ. ప్లగ్‌ను ముందువైపు నుంచి చూడండి: రాగి మెరుపు ఏడు చోట్ల కనిపించి ఒకచోట లేకపోతే, ఆ వైరు చివరిదాకా చేరలేదన్నమాట. అన్నీ చేరి ఉంటే పిన్నులు చూడండి, సరిగా దిగనిది మిగతావాటికంటే ఎత్తుగా ఉంటుంది. క్రింపర్‌తో ఇంకోసారి గట్టిగా నొక్కితే చాలాసార్లు సరిపోతుంది. ప్లగ్ దగ్గర కేబుల్‌ను కాస్త కదిపినప్పుడు లైటు వచ్చిపోతుంటే మాత్రం ఆలోచించకుండా కోసెయ్యండి.

ఇలాంటి కేబుల్‌తో కూడా నెట్ వస్తుంది, అదే తంటా. 100 ఎంబీపీఎస్‌కు 1, 2, 3, 6 వైర్లు చాలు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. అందుకే కస్టమర్ 'నెట్ వస్తోంది గానీ స్లో' అంటాడు.

వైర్లు తారుమారైతే లైట్లు అన్నీ వెలుగుతాయి, వరస తప్పుతుంది. పెద్ద ముక్క మీద 1, 2, 3 అని పోతుంటే చిన్నదాని మీద 2, 1, 3 అని వస్తే మొదటి రెండు వైర్లు ఒక చివర అటూఇటూ అయ్యాయి. 8 నుంచి 1కి వెనక్కి పరిగెడితే ఒక ప్లగ్‌ను తిరగేసి పెట్టారు. 3, 6, 1, 4, 5, 2, 7, 8 అని వస్తే కంగారు పడకండి, రంగుల వరసకు ఉన్న A, B అనే రెండు పద్ధతుల్లో ఒక చివర A, రెండో చివర B కట్టిన క్రాస్ కేబుల్ అది. ఇప్పటి స్విచ్‌లు దాన్ని వాటంతటవే సర్దుకుంటాయి.

ఇక నన్ను ఒక పూటంతా తిప్పిన కేసు. ఒక కాలేజీ ల్యాబ్‌లో 35 మీటర్ల కేబుల్. టెస్టర్ పెడితే 1 నుంచి 8 దాకా రెండు వైపులా ముత్యాల్లా వెలిగాయి. సిస్టమ్‌లో మాత్రం స్పీడ్ ఒకసారి 1.0 Gbps, ఇంకోసారి 100.0 Mbps, మధ్యలో లింకే పోతుంది. స్విచ్ పోర్టు మార్చాను, నెట్‌వర్క్ కార్డు మార్చాను. చివరికి ప్లగ్‌ను వెలుతురుకు పట్టి చూస్తే వరస ఇలా ఉంది: ఆరెంజ్ వైట్, ఆరెంజ్, గ్రీన్ వైట్, గ్రీన్, బ్లూ వైట్, బ్లూ, బ్రౌన్ వైట్, బ్రౌన్. చూడ్డానికి ఎంత పద్ధతిగా ఉందో! రెండో చివరా అంతే.

తప్పెక్కడంటే, సిగ్నల్ వెళ్ళేది 1-2, 3-6, 4-5, 7-8 జంటల్లో. 3, 6 పక్కపక్కన ఉండవు. మధ్యలోని 4, 5 పాత టెలిఫోన్ లైను చోటు, దాన్ని కదపకుండా మిగతావి చుట్టూ సర్దారు. B పద్ధతిలో 3 గ్రీన్ వైట్, 6 గ్రీన్. మధ్యలో బ్లూ, బ్లూ వైట్. ఆ ల్యాబ్ కేబుల్‌లో 3-6 జంటకు గ్రీన్ వైట్, బ్లూ దొరికాయి. కేబుల్ లోపల ఒకే రంగు వైర్లు రెండేసి కలిపి పురి పెట్టి ఉంటాయి, ఇవి రెండూ వేర్వేరు పురుల్లోవి. ఒకే పురిలో ఉంటేనే ఒక వైరు మీద పడ్డ గోల రెండోదాని మీదా సమంగా పడి అవతల కొట్టుకుపోతుంది. ఇక్కడ ఒకదాని సిగ్నల్ పక్క జంటలోకి కారుతుంది. దీన్నే స్ప్లిట్ పెయిర్ అంటారు.

మన టెస్టర్ ఒక్కో వైరుకు కరెంటు పంపి అవతల ఏ పిన్‌కు చేరిందో చూస్తుంది, అంతే. ఎవరు ఎవరితో మెలేసుకున్నారో దానికి తెలియదు. కాబట్టి లైట్లు చూశాక ప్లగ్ కూడా చూడండి. క్లిప్ కిందికి, కేబుల్ మీ వైపు ఉండేలా పట్టుకుంటే ఎడమ చివరది 1. మధ్య నాలుగూ చదవండి: బ్లూ జంట లోపల, ఇంకో జంట దానికి చెరోవైపు ఉండాలి. ప్లగ్‌లో రంగులు కనబడకపోతే, కేబుల్ రెండు చివర్లూ ఊడదీసి, కెపాసిటెన్స్ కొలిచే మల్టీమీటర్‌తో 1-2 మధ్య, 3-6 మధ్య చూడండి. దాదాపు సమానంగా రావాలి. 3-6 దగ్గర బాగా తగ్గితే అనుమానం నిజమే.

ల్యాబ్‌లో రెండు చివర్లూ కోసి, సరైన వరసలో మళ్ళీ కట్టాను. స్పీడ్ 1.0 Gbps దగ్గర నిలబడింది. అదే మనిషి అదే తప్పుతో కట్టిన రెండు మీటర్ల ముక్క ఒకటి పక్క టేబుల్ మీద ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది. అంత పొట్టి కేబుల్‌లో కారేది తక్కువ మరి. దాన్నీ కోసి మళ్ళీ కట్టి వచ్చాను.