ఫోన్‌లో "ఇంకేంటి మరి" అంటే ఏం చెప్పాలి

అందరికీ నమస్కారం. నేను స్పీచ్ థెరపిస్టుని. ఆటిజం ఉన్న పెద్దపిల్లలతో, ఉద్యోగాలు చేసుకుంటున్న పెద్దవాళ్ళతో పనిచేస్తాను. మాట మొదలుపెట్టడం కష్టమని అందరూ అనుకుంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి అంతకంటే కష్టం మాట ముగించడం. ఈరోజు దాని గురించే చెబుతాను.

ఒక అబ్బాయికి ఇరవై నాలుగేళ్ళు. ప్రతి ఆదివారం వాళ్ళ పిన్ని ఫోన్ చేసేది. పది నిమిషాలయ్యాక ఆవిడ "ఇంకేంటి మరి?" అనేది. ఆఫీసులో ఏసీ పాడైన సంగతి చెప్పేవాడు. మళ్ళీ "ఊఁ... ఇంకేంటి?" అనేది. బస్సు రూటు మారిందని చెప్పేవాడు. అలా నలభై నిమిషాలు గడిచేవి. కొన్ని నెలలకి పిన్ని ఫోన్ చేయడం మానేసింది. ఆవిడ అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పానే, నా తప్పేంటి అని వాడు నన్ను అడిగాడు. తప్పేమీ లేదు. ఆవిడ అడిగింది ప్రశ్న కాదు, అంతే.

సంభాషణ దానంతట అది ఆగిపోదనీ, ఇద్దరూ కలిసి ముగించాలనీ షెగ్లాఫ్, సాక్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1973లోనే రాశారు. 'నా దగ్గర కొత్త విషయం లేదు, నీ దగ్గర ఉందా?' అని ముందు ఒకరు చిన్న మాటతో తెలియజేస్తారు. అవతలివాళ్ళు కూడా లేదంటేనే వీడ్కోలు. మన తెలుగులో ఆ చిన్న మాట పని "సరే మరి", "ఇంకేంటి" చేస్తాయి. పైగా ఫోన్ పెట్టేసేటప్పుడు మనం "ఉంటాను" అంటాం! మాటకి ఉన్న అర్థమే పట్టుకునేవాళ్ళకి ఇది ఎంత అయోమయమో ఆలోచించండి.

అందుకని ఆ అబ్బాయీ నేనూ కూర్చుని ఒక కార్డు రాసుకున్నాం. ముందు గుర్తు పట్టడం. ఫోన్ ఎత్తగానే వచ్చే "ఇంకేంటి విశేషాలు?" నిజం ప్రశ్నే, జవాబు చెప్పాలి. చెప్పాల్సిన విషయం అయిపోయి, కాస్త నిశ్శబ్దం వచ్చాక "మరి" తోడుగా వస్తే అది ముగింపు. అప్పుడు అనాల్సింది మూడు ముక్కలు: "అంతే పిన్నీ." తర్వాత ఆరోజు మాట్లాడుకున్న దాంట్లోంచి ఒకటి, "బాబాయ్ మోకాలి నొప్పి జాగ్రత్త" లాంటిది. చివరికి "సరే, ఉంటాను."

మధ్య ముక్క కార్డు మీద ఖాళీగీత మాత్రమే. దాన్ని కావాలనే ఖాళీగా వదిలాం. మొదట్లో అక్కడా ఒకే వాక్యం రాశాం. పిన్నితో ఫోన్లు మళ్ళీ మొదలయ్యాక, వరసగా మూడు వారాలు అదే వాక్యం వినేసరికి "ఏంట్రా, రికార్డు పెట్టినట్టు మాట్లాడుతున్నావ్" అంది పిన్ని. స్క్రిప్టు ఎక్కువగా చెడేది ఇక్కడే. చివర్లు మారకపోయినా ఎవరూ పట్టించుకోరు, మధ్యలో మాత్రం ఆరోజు సంగతి ఉండాలి. అలాగే "ఉంటానండి" అనేది మేనేజరుకి. స్నేహితుడికి అదే అంటే కోపంగా ఉన్నావా అని అడుగుతాడు, వాడికి "ఉంటా రా" చాలు. ఇవి రెండూ కార్డు వెనకవైపు రాశాం.

గుర్తు పట్టలేని రోజులూ ఉంటాయి. అలాంటప్పటికి ఇంకో వాక్యం పెట్టాం: "పిన్నీ, పెట్టేయమంటావా, ఇంకా మాట్లాడదామా? నాకు తెలియడం లేదు." నా లెక్కలో కార్డు మొత్తంలో అత్యంత విలువైనది ఇదే. మిగతావి ఊహ సరిగ్గా ఉంటేనే పనిచేస్తాయి. దీనికి ఊహతో పనిలేదు.

కార్డు ఎన్నాళ్ళు పట్టుకోవాలి అని తల్లిదండ్రులు అడుగుతారు. రాసిన స్క్రిప్టులని మెల్లగా తీసేసే పద్ధతి మీద క్రాంట్జ్, మెక్లానహన్ 1993లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాక్యాన్ని చివర నుంచి కత్తిరించుకుంటూ రావాలి. "అంతే పిన్నీ, సరే, ఉంటాను" అన్నది ముందు "అంతే పిన్నీ, సరే" అవుతుంది, తర్వాత "అంతే" మాత్రం మిగులుతుంది, ఆఖరికి ఖాళీ కార్డు. ఒక మెట్టు తీశాక మాట తడబడితే వెనక్కి ఒక మెట్టు వెళ్ళండి. పెద్దవాళ్ళ విషయంలో మాత్రం తీసేయాల్సిందేనని నేను పట్టుబట్టను. కళ్ళజోడు ఎప్పుడు మానేస్తావని ఎవరినీ అడగం కదా. కానీ ఒకటి గమనించండి. రోజంతా ఆఫీసులో స్క్రిప్టుల మీద నెట్టుకొచ్చిన మనిషి ఇంటికొచ్చాక మాట్లాడలేనంత అలసిపోవచ్చు. ఇంట్లో కూడా కార్డు ప్రకారం మాట్లాడమని దయచేసి అడగకండి.

పిన్నితో కూడా ఒకసారి మాట్లాడాను. విషయం చెబితే ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాడు నా మాటకి విలువిచ్చి చెబుతున్నాడని నాకు తెలియలేదండీ అంది. ఇప్పుడు ఆవిడ "ఇంకేంటి" అనడం మానేసి "నాన్నా, పప్పు పొయ్యి మీద ఉంది, పెట్టేస్తున్నా" అంటుంది. వాడు కార్డు చూడకుండానే "సరే పిన్నీ, ఉంటాను" అంటాడు.