యాడ్స్ రిపోర్టులో రెండు గీతలు జంటగా పైకెళ్తే, డబ్బు పెంచొచ్చనేనా?

తెర మీద: ఒకే చార్టులో రెండు గీతలు. ఎడమ పక్క ఖర్చు స్కేలు, కుడి పక్క ఆర్డర్ల స్కేలు. వాటి మీది అంకెలు కనపడకుండా కప్పేసి ఉన్నాయి.

నమస్కారం. ముందు ఈ చార్టు చూడండి. నీలం గీత వారం వారం యాడ్స్ ఖర్చు, నారింజ గీత ఆర్డర్లు. ఎనిమిది వారాలుగా రెండూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడి పైకి పోతున్నాయి. ఈ కాగితం చేతిలో పెడితే షాపు ఓనరు అనే మాట మీకు తెలిసిందే. "పెట్టినదానికి తగ్గట్టే వస్తోంది కదా, ఇంకో ఇరవై వేలు పెంచండి."

పెంచితే నష్టపోతాడు. చార్టులో తప్పు అంకె ఒక్కటీ లేదు, అయినా నష్టపోతాడు. అదెలాగో లెక్క వేసి చూద్దాం.

తెర మీద: ఎనిమిది వారాల పట్టిక. ఖర్చు 40,000, 44,000, 50,000, 55,000, 60,000, 66,000, 73,000, 80,000. ఆర్డర్లు 200, 210, 226, 238, 250, 264, 278, 290.

ఆత్రేయపురం పూతరేకులు ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న వ్యాపారం ఒకటి ఉందనుకుందాం. లెక్క తేలిగ్గా ఉండాలని ఈ అంకెలు నేను వేసుకున్నవే. మొదటి వారం 40,000 పెడితే 200 ఆర్డర్లు వచ్చాయి. ఎనిమిదో వారం 80,000 పెడితే 290 వచ్చాయి. ఖర్చు రెట్టింపయింది. ఆర్డర్లు నూటికి 45 పెరిగాయి. మరి రెండు గీతలూ ఒకే ఏటవాలులో ఎలా పోయాయి?

తెర మీద: కప్పిన అంకెలు తెరుచుకుంటాయి. ఎడమ స్కేలు 40,000 నుంచి 80,000. కుడి స్కేలు 200 నుంచి 290.

ఇదీ సంగతి. ఎడమ స్కేలు ఖర్చులో కనిష్ఠం దగ్గర మొదలై గరిష్ఠం దగ్గర ఆగింది. కుడి స్కేలూ ఆర్డర్లకి అదే పని చేసింది. అలా బిగిస్తే పెరిగే గీత ఏదైనా కింది మూలలో మొదలై పై మూలలోనే ముగుస్తుంది. ఆర్డర్లు 290 బదులు 210కే ఆగిపోయినా, కుడి స్కేలు 200 నుంచి 210 అని పెడితే గీత ఇంతే ఎత్తుకి పోతుంది.

ఇప్పుడు అంకెలు ముట్టుకోను, స్కేళ్ళు మాత్రం మారుస్తాను.

తెర మీద: ఎడమ స్కేలు 0 నుంచి 1,00,000. కుడి స్కేలు 150 నుంచి 300. మూడో వారం దగ్గర గీతలు ఒకదాన్నొకటి దాటుతాయి.

చూశారా, మూడో వారం నుంచి ఆర్డర్లు ఖర్చుని దాటేశాయి! మీటింగులో ఆ చోటికి బాణం గుర్తు వేసి "ఇక్కడే మన కొత్త క్రియేటివ్ పని చేసింది" అనేవాళ్ళు తప్పకుండా ఒకరుంటారు. కానీ రూపాయలని ఆర్డర్లు దాటడమేమిటి? రెండు వేరు వేరు కొలతలు కలిసే చోటు చార్టు గీసినవాడి చేతిలో ఉంటుంది. కుడి స్కేలు 0 నుంచి 1,000 అని పెట్టానంటే ఆర్డర్ల గీత చెరువు నీళ్ళలా చదునుగా పడుంటుంది. అప్పుడు ఇదే డేటాతో యాడ్స్ దండగ అని కూడా నమ్మించొచ్చు.

రెండు యాక్సిస్‌లు వద్దనేది ఇందుకే. గూగుల్ షీట్స్‌లో కాంబో చార్టు తీసుకుని, Customize లోకి వెళ్ళి, Series కింద Right axis ఎంచుకుంటే చాలు, ఇది తయారవుతుంది. అంత తేలిక కాబట్టే ప్రతి రిపోర్టులోనూ కనపడుతుంది. ఒకే కొలతని రెండు ప్రమాణాల్లో చూపించేటప్పుడు మాత్రం నాకు అభ్యంతరం లేదు. ఎడమ డాలర్లు, కుడి అవే డాలర్లు రూపాయల్లో. అక్కడ గీత ఒక్కటే, మోసానికి చోటు లేదు.

సరే, మరి ఏం గీయాలి? ఓనరు అడిగే ప్రశ్న ఏమిటో ముందు ఒక వాక్యంగా రాసుకోండి. "ఖర్చు ఎలా ఉంది, ఆర్డర్లు ఎలా ఉన్నాయి" అనేది అతని ప్రశ్న కాదు. "పెంచిన డబ్బు తిరిగొస్తోందా" అనేదే అతనికి కావాలి.

తెర మీద: ఒకే వెడల్పున్న మూడు చిన్న చార్టులు ఒకదాని కింద ఒకటి. ఖర్చు, ఆర్డర్లు, ఒక్కో ఆర్డరు ఖర్చు. వారాలు మూడింటిలోనూ నిలువుగా ఒకే వరసలో.

నేనైతే మూడు విడి చార్టులు ఒకదాని కింద ఒకటి పెడతాను. పైన ఖర్చు, మధ్యలో ఆర్డర్లు, రెండూ సున్నా నుంచి. అప్పుడు ఒకటి రెట్టింపవడం, రెండోది అంత పెరగకపోవడం కంటికే తెలుస్తాయి. మూడోది ఒక్కో ఆర్డరుకి అయిన ఖర్చు. షీట్లో ఖర్చు B కాలమ్‌లో, ఆర్డర్లు C కాలమ్‌లో ఉంటే ఫార్ములా ఇంతే:

```
=B2/C2
```

మొదటి వారం 200 రూపాయలు, ఎనిమిదో వారం 276. మొదటి చార్టులో అసలు కనపడని విషయం ఇదే. ప్రతి వారం ఆర్డరు ఖరీదవుతూ వచ్చింది.

అయినా ఓనరు ఊరుకోడు. "సరుకు, ప్యాకింగు, కొరియరు పోగా నాకు ఆర్డరుకి 450 మిగులుతుంది. 276 పెట్టినా లాభమే కదా" అంటాడు. న్యాయమైన మాటే. అయితే ఆ 276 సగటు. పెంచాలా వద్దా అన్నప్పుడు చూడాల్సింది సగటుని కాదు, కొత్తగా పెట్టిన డబ్బుకి కొత్తగా ఎన్ని ఆర్డర్లు వచ్చాయో చూడాలి. దానికి స్కాటర్ చార్టు కావాలి.

తెర మీద: అడ్డంగా ఖర్చు, నిలువుగా ఆర్డర్లు. ఎనిమిది చుక్కలు, పక్కన వారం నంబర్లు. కుడికి పోయేకొద్దీ చుక్కల వరస కాస్త వాలుతుంది.

అడ్డం ఖర్చు, నిలువు ఆర్డర్లు, ఒక్కో వారం ఒక్కో చుక్క. 40,000 నుంచి 60,000కి పోయినప్పుడు 20,000కి 50 ఆర్డర్లు పెరిగాయి. అంటే కొత్త ఆర్డరు ఒక్కొక్కటి 400 పడింది. 60,000 నుంచి 80,000కి పోయినప్పుడు అదే 20,000కి 40 ఆర్డర్లే. ఒక్కొక్కటి 500. మిగిలేది 450 అయితే, రెండో ఇరవై వేలలో వచ్చిన ప్రతి ఆర్డరు మీదా యాభై రూపాయలు ఎదురిచ్చినట్టు. సగటు 276 దాన్ని కప్పేసింది. మూడో ఇరవై వేలు ఇంకా ఖరీదు పడే అవకాశమే ఎక్కువ.

ఈ లెక్కని వారానికీ వారానికీ మధ్య వేయకండి. వారానికి 250 ఆర్డర్లు వచ్చే చోట ఏ కారణం లేకుండానే పదిహేను అటూ ఇటూ అవుతుంటాయి. 12 పెరిగాయా 14 పెరిగాయా అన్నదాని మీద నిర్ణయాలు నిలవవు. మూడు నాలుగు వారాల దూరం తీసుకున్నది అందుకే. ఇంకో మాట. ఈ ఎనిమిది వారాలూ సంక్రాంతికి ముందువైతే, యాడ్స్ లేకపోయినా ఆర్డర్లు కొంత పెరిగేవే. అప్పుడు అసలు ఖరీదు 500 కన్నా ఎక్కువే.

"అన్నీ వద్దండీ, రెండూ ఒకే చార్టులో కావాలి" అనే క్లయింటు ఉంటాడు. ఉంటే మొదటి వారాన్ని 100 అనుకుని రెండింటినీ ఒకే స్కేలు మీద గీయండి.

```
=B2/B$2*100
=C2/C$2*100
```

ఖర్చు 200 దగ్గర ముగుస్తుంది, ఆర్డర్లు 145 దగ్గర ముగుస్తాయి. మధ్య ఖాళీ వారం వారం పెరుగుతుంది. ఆ ఖాళీకి ఇప్పుడు అర్థం ఉంది. ఒక్కటే జాగ్రత్త, ఆ మొదటి వారం మామూలు వారమై ఉండాలి. సర్వర్ పడిపోయి ఆర్డర్లు సగమైన వారాన్ని 100 అనుకుంటే ఆ తర్వాత అంతా విజయంలాగే కనపడుతుంది.

ఇక బార్ల సంగతి.

తెర మీద: రెండు నిలువు బార్లు. మొదటి యాడ్ పొట్టిగా, రెండో యాడ్ దానికి మూడు రెట్లు ఎత్తుగా.

రెండు యాడ్స్, వాటి సీటీఆర్, అంటే యాడ్ వందసార్లు కనపడితే ఎన్ని క్లిక్కులు వచ్చాయో ఆ శాతం. రెండోది మూడు రెట్లు మెరుగని కన్ను చెబుతోంది. అంకెలు చూస్తే 1.82 శాతం, 1.96 శాతం. ఎడమ యాక్సిస్ 1.75 దగ్గర మొదలైంది. కాబట్టి కనపడే బార్లు 0.07, 0.21. నిజంగా ఉన్న తేడా నూటికి ఎనిమిది కూడా లేదు, కనపడే తేడా నూటికి 200. బొమ్మలోని తేడాని డేటాలోని తేడాతో భాగించడాన్ని, చార్టుల మీద పుస్తకాలు రాసిన ఎడ్వర్డ్ టఫ్టే లై ఫ్యాక్టర్ అన్నాడు. ఒకటి దగ్గరుంటే నిజాయితీ. ఇక్కడ దాదాపు 26.

దీన్ని ఎవరూ కావాలని చేయక్కరలేదు. పెద్ద అంకెకీ చిన్న అంకెకీ తేడా, పెద్దదానిలో ఆరో వంతు కన్నా తక్కువైతే ఎక్సెల్ తనంతట తానే యాక్సిస్‌ని సున్నాకి పైన మొదలుపెడుతుంది. యాక్సిస్ మీద రైట్ క్లిక్ చేసి, Format Axis తెరిచి, Bounds కింద Minimum దగ్గర 0 కొట్టండి. షీట్స్‌లో అయితే Customize లో Vertical axis కింద Min. చేతికి వచ్చిన రిపోర్టు అనుమానంగా ఉంటే తెర మీద స్కేలు పెట్టి పెద్ద బారుని, చిన్న బారుని కొలవండి. పొడవుల నిష్పత్తీ అంకెల నిష్పత్తీ ఒకటి కాకపోతే బారు కింద కోసేసినట్టే.

లైన్ చార్టుకి ఈ నియమం అంత గట్టిది కాదు. బారులో కన్ను చదివేది పొడవుని, కింద కోస్తే పొడవే అబద్ధమవుతుంది. గీతలో చదివేది ఎత్తుపల్లాలని. ఇందాకటి ఆర్డరు ఖర్చు గీతని 150 నుంచి మొదలుపెట్టినా నేను తప్పనను, అంకెలు స్పష్టంగా కనపడాలి, అంతే. కింద రంగు నింపిన ఏరియా చార్టు మాత్రం బారు కిందే లెక్క.

సున్నా నుంచి గీస్తే ఇప్పుడు రెండు బార్లూ సమానంగా కనపడుతున్నాయి, "తేడా తెలియట్లేదు" అంటారు. తెలియకపోవడమే సరైన జవాబు కావచ్చు. ఒక్కో యాడ్ 10,000 సార్లు కనపడిందనుకోండి. క్లిక్కులు 182, 196. మొత్తం తేడా పద్నాలుగు క్లిక్కులు.

తెర మీద: బార్లు పోయి రెండు చుక్కలు, ఒక్కోదానికి అటూ ఇటూ అడ్డగీత. మొదటిది 1.55 నుంచి 2.09. రెండోది 1.68 నుంచి 2.24.

ఇలాంటి చోట బారు వదిలి చుక్క పెట్టండి, దాని అనిశ్చితిని అడ్డగీతగా చూపండి. చుక్క చూపేది స్థానాన్ని కాబట్టి స్కేలు సున్నా నుంచి ఉండక్కరలేదు. ఉజ్జాయింపుకి, క్లిక్కుల వర్గమూలానికి రెండు రెట్లు అటూ ఇటూ వేసుకుంటే చాలు. 182కి దాదాపు 27, 196కి 28. రెండు గీతలూ చాలా మేర ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఈ డేటాతో మొదటి యాడ్‌ని ఆపేయమని ఎవరికీ చెప్పలేం. ఇంత చిన్న తేడా నిజమో కాదో కాస్త నమ్మకంగా తేలాలంటే ఒక్కో యాడ్ లక్షన్నర సార్లయినా కనపడాలి. అప్పటిదాకా రిపోర్టులో ఆ రెండు యాడ్స్ పక్కన "ఇంకా తేలలేదు" అని రాసి పంపండి.