చీలమండ బెణికిందా, ఎముక విరిగిందా? మొదటి రెండు రోజులు

నమస్కారం. నేను బెంగళూరులో ఫిజియోథెరపిస్టుని. మొన్న రాత్రి మారతహళ్లిలో మా తమ్ముడు బస్సు దిగి నడుస్తుంటే ఫుట్‌పాత్ మీది రాతిపలక కదిలి, పాదం లోపలికి మడతపడింది. గదికి చేరేసరికి చీలమండ బయటివైపు కోడిగుడ్డంత వాపు. "అక్కా, వేడినీళ్ల కాపడం పెట్టి, నూనె రాసి రుద్దించుకోనా?" అని ఫోను చేశాడు.

రెండూ వద్దన్నాను. ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంటు తెగినచోట లోపల రక్తం ఊరుతూ ఉంటుంది. వేడి, మాలిష్ ఆ ఊటను ఇంకా పెంచుతాయి.

ముందు ఎముక సంగతి చూడాలి. ఇదిగో, నా కాలు చూడండి. బయటి బుడిపె వెనక అంచు మీద, కొస నుంచి పైకి ఆరు సెంటీమీటర్ల వరకు, వేలితో ఎముకనే నొక్కండి. లోపలి బుడిపె దగ్గరా అంతే. తర్వాత పాదం బయటి అంచున, చిటికెన వేలికీ మడమకూ నడుమ పొడుచుకొచ్చిన ఎముక. చివరగా లోపలి బుడిపెకు కాస్త ముందు, పాదం వంపు మీది ఎముక. వీటిలో ఎక్కడ నొక్కినా నొప్పి పుడితే ఎక్స్‌రే తీయించాలి. దెబ్బ తగిలినప్పుడూ, ఇప్పుడూ కుంటుతూనైనా నాలుగు అడుగులు వేయలేకపోయినా అంతే. ఈ పరీక్షను కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో రూపొందించారు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం దీన్ని నమ్ముకోకూడదు, నొప్పి తెలియదు కాబట్టి.

మా తమ్ముడు కుంటుతూ నాలుగు అడుగులు వేశాడు. ఎముకల మీద నొప్పి లేదు, బయటి బుడిపెకు ముందు, కింద మెత్తటి చోట మాత్రం నొక్కితే అరిచాడు. అది లిగమెంటు ఉండే చోటు. అంటే బెణుకే.

ఐస్ ముక్కలు తడిగుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టమన్నాను. మేలుకొని ఉన్నంతసేపు రెండు మూడు గంటలకోసారి. నేరుగా చర్మానికి తగిలితే మంచు కూడా కాలుస్తుంది.

ఇక క్రేప్ బ్యాండేజీ. వేళ్ల మొదట్లో మొదలుపెట్టి, మడమ చుట్టూ ఎనిమిది అంకెలా తిప్పుతూ పిక్క కిందివరకు. కింద బిగువుగా, పైకి వెళ్లేకొద్దీ వదులుగా. వేళ్లు బయటే ఉంచాలి. బొటనవేలి గోరు నొక్కి వదలండి: రెండు సెకన్లలో రంగు తిరిగి రాకపోయినా, వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పి వదులుగా కట్టండి. పడుకునేటప్పుడు తీసేసి, కాలు గుండె కంటే ఎత్తులో దిండ్ల మీద పెట్టండి.

మనవాళ్లు కొందరు నేరుగా పుత్తూరు కట్టు కట్టించుకుంటారు. ఎక్స్‌రే చూడకముందు అలాంటి గట్టి కట్టు ఏదీ బిగించవద్దు. విరిగిన ఎముక వాపుతో ఉండగా బిగిస్తే రక్తప్రసరణ ఆగిపోవచ్చు.

పాదం వంకర తిరిగినా, చర్మం పాలిపోయినా, వేళ్లలో స్పర్శ పోయినా ఈ పరీక్షలన్నీ మానేసి అప్పుడే ఆసుపత్రికి బయలుదేరండి.