మతానికీ సైన్సుకీ యుద్ధమా? గెలీలియో కేసును దగ్గరగా చూద్దాం

[తెర మీద: న్యాయమూర్తుల ముందు మోకాళ్ల మీద ఉన్న గెలీలియో చిత్రం]

1633 జూన్ 22న రోమ్‌లోని మినర్వా మఠంలో 69 ఏళ్ల గెలీలియో మోకాళ్ల మీద కూర్చుని, భూమి తిరుగుతుందన్న అభిప్రాయాన్ని వదులుకుంటున్నానని చదివాడు. ఇది నిజంగా జరిగింది. 1642లో చనిపోయేదాకా ఆయన్ని గృహనిర్బంధంలోనే ఉంచారు. అందుకే చాలామంది హిస్టరీ వ్యాసంలో "మతానికీ సైన్సుకీ మొదటినుంచీ యుద్ధమే" అని రాసి, సాక్ష్యంగా గెలీలియో పేరు పెట్టేస్తారు. ఈ వాదానికి సంఘర్షణ సిద్ధాంతం అని పేరు. చరిత్రకారులు దీన్ని మరీ సరళమైన వాదం అంటారు. ఎందుకో ఇదే కేసులో చూద్దాం.

[తెర మీద: 1874, 1896]

ఈ వాదం గెలీలియో కాలంలో పుట్టలేదు. దీనికి రూపం ఇచ్చింది 19వ శతాబ్దపు అమెరికాలోని ఇద్దరు. ఒకాయన న్యూయార్క్‌లో కెమిస్ట్రీ ప్రొఫెసర్ జాన్ విలియం డ్రేపర్. మతం, సైన్సుల సంఘర్షణ చరిత్ర అంటూ 1874లో పుస్తకం రాశాడు. అంతకు నాలుగేళ్ల ముందే, మత విషయాల్లో పోప్ అధికారికంగా ప్రకటించిన మాటలో తప్పు ఉండదని వాటికన్ సభ తీర్మానించింది. డ్రేపర్ కోపమంతా క్యాథలిక్ చర్చి మీదే. ప్రొటెస్టెంట్లనూ ఇస్లామ్‌నూ ఆయన చాలా మెత్తగా చూశాడు. రెండో వ్యక్తి ఆండ్రూ డిక్సన్ వైట్. ఏ మతశాఖకూ చెందని కార్నెల్ యూనివర్సిటీని స్థాపించినవాళ్లలో ఒకడు. అది దేవుడు లేని కాలేజీ అని మతగురువులు దాడి చేశారు. ఆ పోరాటంలో ఉండగానే 1869లో ఆయన ఈ విషయం మీద ఉపన్యాసం ఇచ్చాడు, అది పెరిగి 1896 నాటికి రెండు సంపుటాల పుస్తకమైంది. వ్యాసంలో వీళ్లిద్దరి పుస్తకాలనీ గెలీలియో గురించిన సాక్ష్యంగా కాకుండా, 19వ శతాబ్దపు గొడవల గురించిన సాక్ష్యంగా వాడండి. ఈ ఒక్క మార్పుతోనే మీ వాదన బలపడుతుంది.

ఇక కేసులోకి వెళ్దాం.

[తెర మీద: సూర్యుడి చుట్టూ గ్రహాలు, పక్కన టైకో బ్రాహే బొమ్మ]

"సైన్సు ఒకవైపు, చర్చి ఒకవైపు" అనాలంటే ముందు ఆ సైన్సు ఒక్క మాట మీద ఉండాలి. అలా లేదు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే, ఆరు నెలల తేడాలో చూసినప్పుడు దగ్గరి నక్షత్రాలు కొంచెం పక్కకు జరిగినట్టు కనిపించాలి. చేయి చాచి బొటనవేలు ఎత్తి, ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చూడండి. వేలు జరిగినట్టు అనిపిస్తుంది. నక్షత్రాల్లో ఆ జరుగుడు అప్పటి టెలిస్కోపులకు చిక్కలేదు. పైగా టైకో బ్రాహే అనే డెన్మార్క్ ఖగోళ పండితుడు ఇంకో నమూనా ఇచ్చాడు. గ్రహాలు సూర్యుడి చుట్టూ, సూర్యుడు మాత్రం భూమి చుట్టూ. గెలీలియో శుక్రగ్రహానికి చంద్రుడిలాగే కళలున్నాయని కనిపెట్టాడు కదా, అవి ఈ నమూనాకూ సరిగ్గా సరిపోతాయి. గెలీలియో తన పెద్ద రుజువుగా చూపించింది సముద్రపు ఆటుపోట్లను. భూమి కదలిక వల్లే నీళ్లు ఊగుతాయన్నాడు. ఆ లెక్కన రోజుకు ఒక పోటు రావాలి, చాలా తీరాల్లో వచ్చేది రెండు. భూమి విషయంలో ఆయన చెప్పింది నిజమే, కానీ ఈ రుజువు మాత్రం తప్పు.

[తెర మీద: పాత ఉత్తరం, 1615]

మతం వైపు కూడా ఒక్క గొంతు లేదు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని వాదించిన కోపర్నికస్ 1543లో తన పుస్తకాన్ని అంకితం ఇచ్చింది పోప్‌కే. 1611లో గెలీలియో టెలిస్కోపులో చూసినవి నిజమేనని రోమ్‌లోని జెస్యూట్లు అనే క్యాథలిక్ గురువుల సంఘానికి చెందిన గణితవేత్తలు ఒప్పుకున్నారు. ఈ కేసులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించే కాగితం, 1615లో చర్చిలో పోప్ తర్వాతి స్థాయి పెద్ద అయిన కార్డినల్ బెల్లార్మిన్ రాసిన ఉత్తరం. సూర్యుడే మధ్యలో ఉన్నాడని నిజమైన రుజువు దొరికితే, దానికి విరుద్ధంగా కనిపించే బైబిల్ మాటలను చాలా జాగ్రత్తగా వివరించుకోవాలి, మనకే అవి అర్థం కాలేదని అనుకోవాలి అన్నాడాయన. కానీ అలాంటి రుజువు తనకు చూపిస్తే తప్ప నమ్మనన్నాడు. అదే ఏడు గెలీలియో కూడా ఒక పెద్ద ఉత్తరం రాశాడు. అందులో తొలినాటి క్రైస్తవ పండితుడు సెయింట్ అగస్టీన్ మాటలు ఉదహరిస్తూ బైబిల్‌ను ఎలా చదవాలో వాదించాడు. అంటే ఇద్దరూ విశ్వాసులే. బైబిల్‌కు అర్థం చెప్పే హక్కు ఎవరిది అన్నదే గొడవ. ప్రొటెస్టెంట్లతో తగవు వచ్చాక ఆ హక్కు చర్చిదేనని ట్రెంట్‌లో జరిగిన క్యాథలిక్ చర్చి సభ 1546లో గట్టిగా చెప్పి ఉంది. ఒక గణితవేత్త అందులోకి దిగడం అధికారులకు టెన్షన్ పెట్టింది. 1616లో కోపర్నికస్ పుస్తకాన్ని సవరించేదాకా ఆపేశారు, ఆ అభిప్రాయాన్ని వదలమని గెలీలియోను హెచ్చరించారు.

మరి 1633లో శిక్ష దాకా ఎందుకు వెళ్లింది? 1623లో పోప్ అయిన 8వ అర్బన్ నిజానికి గెలీలియో అభిమాని, ఆయన్ని పొగుడుతూ పద్యం కూడా రాశాడు. దేవుడు సర్వశక్తిమంతుడు కాబట్టి ఆటుపోట్లను మనకు తెలియని ఏ దారిలోనైనా పుట్టించగలడు అన్నది ఆ పోప్‌కు ఇష్టమైన వాదన. 1632లో వచ్చిన పుస్తకంలో గెలీలియో దాన్ని సింప్లీచియో అనే పాత్ర నోట పెట్టాడు. పుస్తకమంతా వాదనలో ఓడిపోయే పాత్ర అది. సరిగ్గా అప్పుడే ముప్పై ఏళ్ల యుద్ధంలో ప్రొటెస్టెంట్ స్వీడన్ రాజు జర్మనీలో గెలుస్తున్నాడు. పోప్ మతద్రోహుల పట్ల మెత్తగా ఉన్నాడని స్పెయిన్ పక్షపు కార్డినల్ బోర్హా 1632 మార్చిలో అందరి ముందే నిలదీశాడు. అలాంటి సమయంలో పోప్ గెలీలియోను వెనకేసుకు రాలేదు. తీర్పులో కూడా పదిమంది కార్డినళ్లలో ముగ్గురి సంతకాలు లేవు.

[తెర మీద: బొలోన్యా చర్చి నేల మీద సూర్యకాంతి చుక్క]

ఇంకో చిత్రం చూపించాలి. శిక్ష పడిన 22 ఏళ్లకు, 1655లో, పోప్ పాలనలోనే ఉన్న బొలోన్యా నగరంలో, శాన్ పెట్రోనియో చర్చి నేల మీద ఖగోళ పండితుడు కాసిని ఒక పొడవైన గీత వేయించాడు. సుమారు 67 మీటర్లు. పైకప్పులోని చిన్న రంధ్రం నుంచి మధ్యాహ్నం సూర్యకాంతి ఆ గీత మీద పడుతుంది. ఈస్టర్ తేదీ సరిగ్గా లెక్కించాలంటే సూర్యుడి గమనం కచ్చితంగా తెలియాలి, అందుకే చర్చికి దీని అవసరం. ఆ కాంతి చుక్క సైజు ఏడాది పొడవునా ఎలా మారుతుందో కొలిచి, సూర్యుడి వేగంలో కనిపించే తేడాల గురించి జర్మన్ ఖగోళ పండితుడు కెప్లర్ చెప్పినది సరైనదేనని కాసిని చూపించాడు.

అలాగని వ్యాసాన్ని అటువైపు తిప్పేసి "చర్చి ఎప్పుడూ సైన్సుకు అండగా ఉంది" అని రాయకండి. అది కూడా ఒక్క ఉదాహరణతో శతాబ్దాలను కప్పేయడమే. గెలీలియో శిక్ష నిజం, నిషేధం నిజం. చరిత్రకారులు కాదంటున్నది గొడవను కాదు, ఆ గొడవకు రెండే పక్షాలు ఉన్నాయన్న మాటను. కాబట్టి "చర్చి" అని రాసిన ప్రతిచోటా ఆగి, పోపా, బెల్లార్మినా, జెస్యూట్లా, బోర్హానా అని పేరు పెట్టండి. పక్కన సంవత్సరం వేయండి. 1611, 1616, 1633, 1655లలో వచ్చే జవాబులు ఒకటి కావు.

నిషేధం ముగిసిన తేదీ కూడా రాయండి. గెలీలియో 1632 నాటి పుస్తకం లేకుండా, చర్చి నిషేధించిన పుస్తకాల జాబితా వెలువడింది 1835లో. గెలీలియో కాలంలో ఎవరికీ చిక్కని ఆ నక్షత్రపు జరుగుడును బెసెల్ అనే జర్మన్ పండితుడు కొలిచి ప్రకటించింది దానికి మూడేళ్ల తర్వాత, 1838లో.