ఆకాశము క్రింద ప్రతి ప్రయత్నమునకు సమయము: ప్రసంగి మూడవ అధ్యాయంలోని కవిత

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

బైబిలు పాత నిబంధనలోని ప్రసంగి గ్రంథం మూడవ అధ్యాయం మొదటి ఎనిమిది వచనాల గురించి మాట్లాడటానికి నిలబడ్డాను. "ప్రతిదానికి సమయము కలదు" అనే మాటతో మొదలయ్యే ఈ భాగాన్ని తెలుగు క్రైస్తవ కుటుంబాలలో పెళ్లిలోనూ చదువుతారు, సమాధి దగ్గరా చదువుతారు. చాలాసార్లు మనం దీన్ని ఒక సలహాగా వింటాం. ఏ పని ఎప్పుడు చేయాలో తెలుసుకొని ఆ వేళకు చేయమని ప్రసంగి బోధిస్తున్నాడనుకుంటాం. ఈ కవిత కట్టుబడిని దగ్గరగా చూస్తే అది సలహా కాదనీ, తొమ్మిదవ వచనంలో రాబోయే ఒక కఠినమైన ప్రశ్నకు వేసిన పునాది అనీ నాకు అనిపిస్తుంది.

ముందుగా లెక్క చెబుతాను. మొదటి వచనం శీర్షిక వంటిది. రెండు నుంచి ఎనిమిది వరకు ఏడు వచనాలు, ఒక్కొక్క వచనంలో రెండు జంటలు, మొత్తం 14 జంటలు, అంటే 28 పనులు. హీబ్రూలో ప్రతి పనికీ ముందు 'ఏత్' అనే చిన్న మాట వస్తుంది. ఏత్ అంటే సమయం, తరుణం. ఆ ఏడు వచనాలలో ఆ మాట 28 సార్లు వినిపిస్తుంది. ఏడు అనే సంఖ్య హీబ్రూ రచయితలకు పరిపూర్ణతకు గుర్తు కాబట్టి, ఏడుకు నాలుగింతలుగా సాగిన ఈ పట్టికలో మనిషి బతుకంతా ఇమిడిందని చెప్పకనే చెప్పినట్టయింది. హీబ్రూ చేతిరాత ప్రతులలో ఈ భాగాన్ని మామూలు గద్యంలా కాక, ఒక పక్క ఒకటి, రెండో పక్క దాని ఎదురు వచ్చేలా రెండు వరుసలుగా విడదీసి రాసే సంప్రదాయం ఉంది. పుట చూడగానే తక్కెడలోని రెండు సిబ్బెలు గుర్తుకొస్తాయి.

మన తెలుగు బైబిలు పాత అనువాదంలో ఈ ఏత్ ఏమైందో చూడండి. మొదటి వచనంలో "సమయము కలదు" అని రెండుసార్లు చెప్పిన అనువాదకులు, తరువాత ఆ మాటను వదిలేసి, "పుట్టుటకు, చచ్చుటకు, నాటుటకు, నాటబడినదాని పెరికివేయుటకు" అంటూ చతుర్థీ విభక్తి మీదే కవితను నడిపించారు. హీబ్రూలో ప్రతి ఖండానికీ తలలో మోగే మాట తెలుగులో తోకలో 'టకు' అనే అంత్యప్రాసగా మారింది. దీన్ని నేను తప్పు అనను. 28 సార్లు 'సమయము' అని రాసి ఉంటే తెలుగులో అది మోత అయ్యేది. 'టకు' మాత్రం చెవికి హాయిగా ఉండి, పెద్దగా చదివినప్పుడు అడుగుల చప్పుడులా సాగుతుంది. అయితే ఒక నష్టం ఉంది. హీబ్రూ చదివేవాడికి ప్రతి అడుగులోనూ ముందు కాలం ఎదురవుతుంది, ఆ తరువాతే పని వస్తుంది. తెలుగు చదివేవాడికి పనే ముందు కనిపిస్తుంది. కాలం ముందా, మనిషి పని ముందా అన్నదే ఈ కవిత విషయం కాబట్టి ఈ తేడా చిన్నది కాదు.

మొదటి వచనంలోని 'ప్రయత్నము' అనే మాట కూడా మనల్ని కొంత పక్కకు తీసుకుపోతుంది. హీబ్రూలో అక్కడున్న మాట 'హేఫెస్'. దానికి మొదట ఇష్టం, కోరిక అని అర్థం. తరువాతి కాలపు హీబ్రూలో వ్యవహారం, సంగతి అనే అర్థం వచ్చింది. ప్రయత్నం అనగానే మనిషి పూనుకొని చేసేదే తోస్తుంది. కాని పట్టికలో మొట్టమొదటి జంట పుట్టుక, చావు. ఆ రెండూ మన ప్రయత్నంతో జరిగేవి కావు. అక్కడ హీబ్రూలో ఉన్న 'లాలెదెత్' అనే మాటకు సూటి అర్థం పుట్టడం కాదు, కనడం. నొప్పులు పడే తల్లి తన గడియను తాను నిర్ణయించుకోలేదు. కనే తల్లితోనూ, చనిపోయే మనిషితోనూ పట్టికను మొదలుపెట్టడంలోనే, కాలం మన చేతిలో లేదని రచయిత సూచించాడు.

ఇక జంటల వరుస. ఒకటి మంచి, ఒకటి చెడు అనుకుంటే, రెండవ వచనంలో మంచిది ముందు వస్తుంది: కనడం, నాటడం. మూడు, నాలుగు వచనాలలో చేదైనది ముందు వస్తుంది: చంపడం, పడగొట్టడం, ఏడవడం, దుఃఖించడం. ఆ నాలుగవ వచనం చివరి జంట హీబ్రూలో 'సెఫోద్', 'రెకోద్'. రొమ్ము కొట్టుకొని ఏడవడం, గంతులు వేసి ఆడడం అనే రెండు పూర్తిగా వేరైన పనులకు రెండు ప్రాస పదాలు దొరికాయి. చెవికి అవి తోబుట్టువుల్లా వినిపిస్తాయి. ఎనిమిదవ వచనంలో ప్రేమ, ద్వేషం అని మంచి ముందు వచ్చి, యుద్ధం, సమాధానం అని చెడు ముందు వస్తుంది. అంటే రెండు చివర్లా మేలు, నడుమ కీడు. పైగా ఆ ఆఖరి జంటలో రచయిత క్రియలను వదిలి నామవాచకాలు వాడాడు: 'మిల్హామా', 'షాలోమ్'. 26 క్రియల తరువాత రెండు నామవాచకాలు రాగానే నడక ఆగిపోతుంది. పాట ముగిసిందని చెవికి తెలిసిపోతుంది. తెలుగులో "యుద్ధము చేయుటకు సమాధానపడుటకు" అని అక్కడా క్రియలే ఉండడంతో ఆ ఆగడం వినిపించదు. క్రైస్తవ తెలుగులో సమాధానమంటే జవాబు కాదు, శాంతి అని ఇక్కడున్న అందరికీ తెలుసు కాబట్టి దాన్ని వివరించను.

ఈ మంచిచెడుల వరుసను గుర్తులతో పటం గీసి, 1969లో లోడర్ అనే పండితుడు ఈ భాగాన్ని పాత నిబంధనలోని ఒక 'సానెట్', అంటే పద్నాలుగు పాదాల కవిత, అన్నాడు. పటం అందంగానే ఉంటుంది. కాని అది ఎక్కడ తడబడుతుందో చూడడం నాకు ఎక్కువ ఉపయోగంగా తోస్తుంది, కనుక అయిదవ వచనం దగ్గర కాసేపు ఆగుతాను. "రాళ్లను పారవేయుటకు రాళ్లను కుప్పవేయుటకు; కౌగలించుటకు కౌగలించుట మానుటకు." ఇందులో రాళ్లు విసరడం మంచా, చెడా?

పొలంలోని రాళ్లను ఏరి అవతల పారవేయడమనుకుంటే అది మేలు. యెషయా అయిదవ అధ్యాయంలోని రైతు ద్రాక్షతోట వేసే ముందు రాళ్లను ఏరివేశాడు. శత్రువు పొలంలో రాళ్లు వేయడమనుకుంటే అది కీడు. రాజులు రెండవ గ్రంథం మూడవ అధ్యాయంలో ఇశ్రాయేలు సైన్యం మోయాబు వారి మంచి భూములన్నిటి మీదా రాళ్లు వేసి పాడుచేసింది. కుప్పవేయడం ఇల్లు కట్టడానికి కావచ్చు, పొలం శుభ్రం చేయడానికీ కావచ్చు. యూదుల పాత వ్యాఖ్యానమైన కోహెలెత్ రబ్బా మూడవ దారి పట్టింది: రాళ్లు విసరడమంటే భార్యాభర్తల కలయిక, కుప్పవేయడమంటే ఆ కలయికకు దూరంగా ఉండడం. మొదటిసారి వింటే ఇది లాగి తెచ్చిన అర్థంలా ఉంటుంది. కాని మిగతా వచనాలలో చాలావరకు రెండు జంటలూ ఒకదానికొకటి చుట్టాలే. కనడం పక్కన నాటడం ఉంది, వెదకడం పక్కన దాచుకోవడం ఉంది. చింపడం పక్కన మౌనం ఉండడమూ ఊరికే కాదు. బట్టలు చింపుకోవడం, మాట లేకుండా కూర్చోవడం రెండూ ఆ దేశంలో చావింటి ఆచారాలు. అలాంటప్పుడు కౌగిలి పక్కనున్న రాళ్లకు కౌగిలితో సంబంధం ఉండాలని ఆ వ్యాఖ్యాతలు వెదకడం తర్కం లేని పని కాదు. నా మట్టుకు నేను పొలం రాళ్ల అర్థం వైపే మొగ్గుతాను. అయినా, ఏది మంచిదో తేలని జంట ఒకటి నట్టనడుమ ఉండడం కవితకు లోపంగా నాకు కనిపించదు. రచయిత ఏ పనికీ మంచిదనో చెడ్డదనో ముద్ర వేయలేదు. చంపడానికీ సమయం ఉందన్నాడు తప్ప చంపమనలేదు, వద్దనీ అనలేదు.

ఈ రచయిత ఎవరు? తెలుగులో ఆయన పేరు ప్రసంగి, హీబ్రూలో కోహెలెత్. సభ అనే అర్థమున్న 'కాహాల్' నుంచి ఆ పేరు వచ్చింది. సభను కూర్చేవాడు, సభలో మాట్లాడేవాడు అని భావం. దావీదు కుమారుడని గ్రంథం మొదట్లో ఉన్నందున సంప్రదాయం ఆయనను సొలొమోను అంటుంది. కాని భాష వేరే సాక్ష్యం చెబుతుంది. తోటకు వాడిన 'పర్దేస్', తీర్పుకు వాడిన 'పిత్‌గామ్' పారసీక పదాలు. మన కవిత తొలి వచనంలోని 'జెమాన్' అనే మాట కూడా ఎస్తేరు, నెహెమ్యా వంటి తరువాతి కాలపు గ్రంథాలలోనే కనిపిస్తుంది. అందువల్ల చాలామంది పండితులు ఈ గ్రంథాన్ని సొలొమోనుకు కొన్ని శతాబ్దాల తరువాతి పారసీక పాలనకో, ఆ వెనుక వచ్చిన గ్రీకు పాలనకో చెందినదిగా భావిస్తారు. యుద్ధం, పన్ను, పంట అన్నీ దూరాన ఉన్న రాజు చిత్తంపై నడిచే కాలంలో మాట్లాడిన మనిషిగా ఆయనను ఊహించుకుంటే, కాలం గురించిన ఆయన మాటకు నేల దొరుకుతుంది.

పాట ముగిసిన వెంటనే తొమ్మిదవ వచనం అడుగుతుంది: కష్టపడినవారికి తమ కష్టమువలన వచ్చిన లాభమేమి? లాభానికి హీబ్రూలో 'యిత్రోన్', ఖర్చులు పోగా మిగిలేది. ఇది బైబిలులో మరే గ్రంథంలోనూ లేని మాట. లెక్కల పుస్తకం వాసన వేస్తుంది. ఇప్పుడు 14 జంటలను మళ్లీ చూడండి. నాటినది పెరికాం, కట్టినది పడగొట్టాం, దాచినది పారవేశాం. జమకు జమ, ఖర్చుకు ఖర్చు సరిపోయి మిగులు సున్నా అయింది. కవిత ఇంత సమతూకంగా ఎందుకుందో ఈ ప్రశ్న దగ్గర తెలుస్తుంది. ఎనిమిదవ వచనంతో చదవడం ఆపేస్తే మనకు అందమైన తూకం దక్కుతుంది గాని, ఆ తూకం ఎందుకు వేశారో తెలియదు.

అలాగని రచయిత నిరాశలో ఆగలేదు. పదకొండవ వచనంలో, దేవుడు సమస్తాన్ని దాని కాలంలో చక్కగా ఉండేలా చేశాడంటాడు. ఇక్కడా మాట ఏత్ తోనే ఉంది. వెంటనే, మనుషుల హృదయంలో ఆయన 'ఓలామ్' ఉంచాడంటాడు. తెలుగు అనువాదం దాన్ని "శాశ్వతకాల జ్ఞానము" అంది. హీబ్రూలో ఆ మాట మూడు హల్లులతో మాత్రమే రాసి ఉంది; అవే హల్లులను మరోలా పలికితే మరుగు, అజ్ఞానం అనే అర్థం కూడా వస్తుందని కొందరు వ్యాఖ్యాతలు వాదించారు. ఏ అర్థం తీసుకున్నా వాక్యం చివర మారదు: దేవుడు చేసే పనిని మొదటినుంచి తుదివరకు మనిషి కనిపెట్టలేడు. అందుకే తరువాతి రెండు వచనాలలో రచయిత చూపేవి తినడం, తాగడం, తన కష్టంలో సుఖపడడం. వాటిని సంపాదన అనకుండా దేవుడిచ్చిన బహుమానం అంటాడు.

ఏత్ అనే ఆ మాటను ఆయన తొమ్మిదవ అధ్యాయం పన్నెండవ వచనంలో మళ్లీ తీస్తాడు. వలలో పడే చేపల్లాగా, ఉరిలో చిక్కే పిట్టల్లాగా మనుషులు తమ కాలమెప్పుడో ఎరుగరు అంటాడు. 28 సమయాలను వరుసపెట్టి చెప్పగలిగిన మనిషి, వాటిలో రెండవది తనకు ఎప్పుడొస్తుందో మాత్రం తెలియదని అక్కడ ఒప్పుకుంటున్నాడు.